అంచు తెగిన ఫోటో, మేము చెప్పిన తప్పు జవాబు



మన సంఘం హోంవర్క్ గ్రూపులో సాయంత్రాలు జవాబులు చెప్పేది మేము ముగ్గురం అని మీకు తెలుసు. ముగ్గురమూ రిటైరైనవాళ్ళమే. పిలకాయలు వర్క్‌షీటు ఫోటో తీసి పంపుతారు, మేము చూసి చెప్తాము. ఎక్కువగా లెక్కలు, కొంచెం సైన్సు, ఆదివారం క్లాసు తెలుగు పాఠాలు. పోయిన నెల ఈ గ్రూపులో మేము ఒక తప్పు జవాబు చెప్పినాము. అది మామూలు తప్పు కాదు. పాప సరిగ్గా రాసుకున్నదాన్ని మేమే కొట్టేయించి తప్పు రాయించినాము. ఎట్ల జరిగిందో దాచకుండా రాస్తున్నాము, ఎందుకంటే ఫోటో పంపే ఇండ్లు మీవి, చదివే కండ్లు మావి. రెండు వైపులా తెలియవలసిన సంగతి ఇది.

పాప ఎనిమిదో తరగతి, తమిళ మీడియం. అమ్మ మిల్లు షిఫ్టు ముగించుకుని వచ్చిన తర్వాతే ఆ ఇంట్లో ఫోను పిలకాయల చేతికి వస్తుంది. రాత్రి తొమ్మిది దాటినాక ఫోటో వచ్చింది. పాఠం వికిదముఱు ఎణ్గళ్, అంటే మన తెలుగులో అకరణీయ సంఖ్యలు. ఐదో ప్రశ్నకు నాలుగు వాక్యాలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. (అ) ప్రతి సహజ సంఖ్య ఒక పూర్ణాంకం. (ఆ) ప్రతి పూర్ణాంకం ఒక అకరణీయ సంఖ్య. (ఇ) ప్రతి అకరణీయ సంఖ్య ఒక పూర్ణాంకం. (ఈ) సున్నా ఒక పూర్ణాంకం. పాప (ఇ)కి పెన్సిలుతో సున్న చుట్టి, "తాతా, ఇది సరేనా?" అని అడిగింది.

ప్రశ్న రెండు వరుసలుగా ఉంది. మొదటి వరుసలో "పిన్వరువనవట్రుళ్" అని పూర్తిగా కనిపించింది, అంటే "కింది వాటిలో". రెండో వరుస ఎడమ అంచు ఫోటోలో తెగిపోయింది. కనిపించింది "న కూట్రు ఎదు?" అనే ముక్క మాత్రమే. కూట్రు అంటే వాక్యం, ఎదు అంటే ఏది. మేము దాన్ని "సరియాన కూట్రు ఎదు?" అని చదువుకున్నాము, సరైన వాక్యం ఏది అని. వెంటనే "(ఇ) తప్పమ్మా, అర్ధం అంటే ½ అకరణీయ సంఖ్యే కాని పూర్ణాంకం కాదు కదా, (అ) రాయి" అని పంపినాము. పాప చెరిపి (అ) రాసుకుని పడుకుంది.

కాగితం మీద ఉన్నది "తవఱాన కూట్రు ఎదు?" అంటే తప్పు వాక్యం ఏది అని. తవఱాన, సరియాన, రెండు మాటలకూ చివర "న" ఉంది. ఆ "న" మాత్రమే ఫోటోలో మిగిలింది. ముందున్న మూడు అక్షరాలు మేము మా మనసులోంచి తెచ్చి పెట్టినాము. తమిళంలో చదువుకున్నవాళ్ళం కదా, ఆ మాట రాకనా? వచ్చు కాబట్టే మోసపోయినాము. తమిళం రానివాడైతే "ఇక్కడ ఏదో తెగింది" అని ఆగి ఉండును.

తర్వాత మా ముగ్గురిలో టీచరుగా చేసిన అక్క ఆ ఫోటో తెరిచి చూసి ఒక మాట అన్నది. "మీరు (అ) సరైన వాక్యం అన్నారు, బాగుంది. మరి (ఆ) సరైనది కాదా? (ఈ) సరైనది కాదా?" నిజమే. సరైన వాక్యం ఏది అని ప్రశ్న అయితే మూడు జవాబులు వస్తాయి. ఒకటే ఎంచుకోమన్న ప్రశ్నకు మూడు జవాబులు వస్తున్నాయంటే ప్రశ్నను మేము తప్పుగా చదివినట్టే. ఆ సంగతి ఫోటోలోనే ఉంది. మేము (అ) దగ్గర ఆగిపోయి మిగతావి చదవలేదు. ఇప్పుడు మా మొదటి అలవాటు ఇదే: జవాబు దొరికినాక కూడా మిగిలిన మూడు ఎంపికలూ తప్పేనా అని చూస్తాము. రెండు సరిపోయినా, ఒక్కటీ సరిపోకపోయినా, మొదట అనుమానించేది ప్రశ్నను చదివిన తీరునే.

అంచు తెగిన ఫోటోలో ఉన్న ఇబ్బంది ఏమంటే అది చూడడానికి శుభ్రంగా ఉంటుంది. మసకగా ఉంటే కన్నే చెప్తుంది. తెగినది మాత్రం తెగినట్టు కనిపించదు. కాబట్టి వెతకాలి. మేము చూసేది ఇట్ల. కాగితం నాలుగు అంచులూ, వాటి చుట్టూ నేల గాని బల్ల గాని కొంచెం కనిపిస్తుందా? కనిపిస్తే ఏమీ తెగలేదు. ఏ వైపు నేల కనిపించదో ఆ వైపు అనుమానం. ఆ వైపు వరుసలు అన్నీ ఒకే చోట మొదలవుతున్నాయా, కొన్ని మాట మధ్యలో మొదలవుతున్నాయా? ప్రశ్నల నంబర్లు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయా? ఎంపికలు మూడే ఉండి నాలుగోది లేదా?

పై అంచు తెగడం అన్నిటికన్నా చెడ్డది. సూచనలు ఉండేది అక్కడే. "π = 3.14 గా తీసుకోండి" అనో, "4 నుంచి 7 వరకు ప్రశ్నలకు పై పట్టిక చూడండి" అనో ఉంటుంది. వ్యాసార్థం 10 సెంటీమీటర్లు ఉన్న వృత్తం వైశాల్యం 3.14తో వేస్తే సరిగ్గా 314 వస్తుంది. 22/7తో వేస్తే సుమారు 314.29 వస్తుంది. రెండూ లెక్క ప్రకారం తప్పు కావు గాని, టీచరు దిద్దేది ఒకదానితోనే. పట్టిక తలలో "వేలల్లో" అని ఉండి అది తెగిపోతే ఇంక చెప్పనక్కరలేదు, జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

ఇక మసక సంగతి. ఇందులో మాటలు వేరు, అంకెలు వేరు. ఒక మాటలో ఒక అక్షరం మసకైతే పక్క అక్షరాలు సాయం చేస్తాయి. అంకెకు పక్క అంకె సాయం చేయదు. 3, 5, 6, 8 మసకలో అన్నీ ఒకటే ముద్ద. మా పార్సెల్ ఆఫీసు రోజుల్లో వే బిల్లు కార్బన్ కాపీలు అడుగుకు పోయేకొద్దీ ఇట్లనే ఉండేవి. పంపినవారి పేరు ఎట్లనో చదివేవాళ్ళం, బరువు దగ్గర మాత్రం ఊహించేవాళ్ళం కాదు. గూడ్సు వాగన్ మీద 11 అంకెల నంబరు ఉంటుంది, అందులో చివరి అంకె మిగతా పదింటినీ లెక్క కట్టి పెట్టినది. ఒక అంకె తప్పు చదివితే ఆ లెక్క కుదరదు, పట్టుబడిపోతాము. వర్క్‌షీటు అంకెకు అట్లాంటి కాపలా ఏదీ లేదు.

ఎంపికలు ఉన్నాయి కదా, వచ్చిన జవాబు వాటిలో ఉంటే మేము చదివింది సరే కదా అని మొదట్లో అనుకునేవాళ్ళం. అదీ నమ్మకూడదు. ఏడో తరగతి బాబు ఒకడు పంపిన ప్రశ్న చూడండి. (−1)కి పైన చిన్నగా ఒక ఘాతం. పది స్థానంలో 1 బాగా కనిపిస్తుంది, దాని పక్క అంకె ముద్ద. ఎంపికలు 1, −1, 15, −15. మేము 16 అని చదివితే జవాబు 1, అది ఎంపికల్లో ఉంది. 15 అని చదివితే −1, అదీ ఉంది. ప్రశ్న తయారు చేసేవాళ్ళు పిలకాయలు ఎక్కడ తప్పుతారో చూసి ఆ తప్పు జవాబునే ఎంపికగా పెడతారు. అందుకని మన తప్పు చదువుకు కూడా అక్కడ ఒక జవాబు సిద్ధంగా కూర్చుని ఉంటుంది.

ఎంపికల్లో 15 ఉంది కాబట్టి ఘాతం 15 అయి ఉండాలి అని మాలో ఒకరు అన్నారు. తెలివైన మాటే, చాలావరకు నిజం కూడా కావచ్చు. అయినా అది ఊహే గాని చదవడం కాదు. మేము ఏం చేసినామంటే ఒక కాగితం మీద ఆ ముద్ద ఏమేమి కావచ్చునో అన్నీ రాసినాము: 13, 15, 16, 18. ఒక్కొక్కదానికీ జవాబు కట్టినాము. 13కీ 15కీ −1. 16కీ 18కీ 1. అంటే మాకు ఆ అంకె ఏదో పూర్తిగా తెలియనక్కరలేదు, బేసా సరా తెలిస్తే చాలు. బాబును అడిగింది ఆ ఒక్క మాటే. "పైన చిన్న అంకెల్లో రెండోది ఏది నాయనా?" ఒక నిమిషంలో "ఐదు తాతా" అని వచ్చింది.

మసక ప్రశ్న దేనికైనా ఈ పద్ధతి పెట్టుకున్నాము. ఏమేమి కావచ్చునో రాయి, ఒక్కొక్కదానికీ జవాబు కట్టు. అన్నిటికీ ఒకే జవాబు వస్తే మసక ఉన్నా పరవాలేదు, చెప్పేయవచ్చు. వేరువేరుగా వస్తే చెప్పకూడదు, అడగాలి. అట్లనే చుక్కలు, గీతలు. దశాంశ బిందువు, మైనస్ గుర్తు, ఇవి సన్నవి కాబట్టి మసకలో మొదట మాయమయ్యేవి ఇవే. 2.5 కాస్తా 2 5 లాగా రెండు అంకెల మధ్య ఖాళీగా కనిపిస్తే అక్కడ బిందువు ఉండి పోయిందని అనుమానించాలి.

మా కంటిని మేమే పరీక్ష చేసుకునే ఒక ఉపాయం అక్క నేర్పింది. అనుమానం ఉన్న అక్షరాన్ని పెద్దది చేసి, పక్కనున్నవాటిని రెండు వేళ్ళతో మూసేయాలి. ఒంటిగా ఉన్నప్పుడు అదేమిటో చెప్పగలిగితే చదివినట్టు. వేళ్ళు తీస్తే తప్ప చెప్పలేకపోతే ఊహించినట్టు.

తెలుగు వర్క్‌షీట్లకు వస్తే మాలాంటివారికి ఇంకొక గండం ఉంది. తమిళంలో హల్లు అని తెలిపేది పైన పెట్టే పుళ్ళి. మా కన్ను చిన్నప్పటి నుంచి అక్షరం పైన చూడడానికి అలవాటు పడింది. తెలుగులో వత్తులు కిందికి పోతాయి. ఫోటో అడుగు అంచు తెగితే చివరి వరుసలో "అక్క" అనేది "అక" అవుతుంది, "అన్న" అనేది "అన" అవుతుంది, అయినా వరుస పూర్తిగా ఉన్నట్టే కనిపిస్తుంది. ద, ధ, థ మధ్య తేడా చుక్క, చిన్న గీత. మసకలో మూడూ ఒకటే. ఒత్తు అక్షరాలు తమిళ లిపిలో లేవు కాబట్టి మన పిలకాయలు తప్పేది సరిగ్గా అక్కడే, వర్క్‌షీటు అడిగేదీ సరిగ్గా అదే. ఆ అక్షరాల అభ్యాసం మసక ఫోటో చూసి మేము దిద్దము.

ఇప్పుడు మళ్ళీ పంపమని అడిగే విధం. మొదట్లో "ఫోటో క్లియర్‌గా లేదు, మళ్ళీ పంపు" అని రాసేవాళ్ళం. రెండో ఫోటో కూడా అట్లనే వచ్చేది. పాపం, వాళ్ళకు ఏం తప్పో తెలిస్తే కదా మార్చడానికి! మసకను చూస్తే కారణం కొంత తెలుస్తుంది. అక్షరాలన్నీ ఒకే దిక్కుకు ఈడ్చినట్టు ఉంటే చెయ్యి కదిలింది. రాత్రి గుడ్డి వెలుతురులో కెమెరాకు ఎక్కువ సేపు పడుతుంది, అంతలో చెయ్యి కదులుతుంది. మోచేతులు బల్ల మీద ఆనించి, దీపం కిందికి కాగితం జరిపితే సరిపోతుంది. అన్ని వైపులా సమంగా మెత్తగా ఉంటే ఫోకస్ పడలేదు. చిన్న అక్షరాలని ఫోను కాగితానికి మరీ దగ్గర పెడతారు, అంత దగ్గర కెమెరాకు ఫోకస్ కుదరదు. ఒక జానెడు పైన పట్టుకుని, తెర మీద అక్షరాల చోట ఒకసారి వేలితో తాకి తీయాలి. నడుమ బాగుండి ఒక పక్క మాత్రమే మెత్తగా ఉంటే కాగితం వంగింది, లేదా ఫోను వాలుగా ఉంది. అంతా పొగమంచు కమ్మినట్టు, దీపం చుట్టూ వెలుగు చెదిరినట్టు ఉంటే కెమెరా అద్దానికి వంటింటి జిడ్డు, ధోవతి చెంగుతో తుడిస్తే పోతుంది.

పెద్దది చేసి చూస్తే అక్షరం అంచులు మెత్తగా కాకుండా చిన్న చిన్న చతురస్రాలుగా విరిగితే, ఆ తప్పు ఫోటో తీసినవాళ్ళది కాదు. వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. ఇద్దరు ముగ్గురి చేతులు మారి, మధ్యలో ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఇంకా విరుగుతుంది. అప్పుడు కాగితాన్ని మళ్ళీ ఫోటో తీయనక్కరలేదు. మొదట తీసిన ఫోటోనే HD గుర్తు నొక్కి పంపమంటాము, లేదా ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమంటాము. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

కొందరు తండ్రులు స్కాన్ ఆప్ పెట్టి నలుపు తెలుపుగా చేసి పంపుతున్నారు. కష్టపడి చేస్తున్నారు, కాదనము. అయితే ఆ ఆప్ కాగితం అంచు ఇదే అని తనంతట తాను నిర్ణయించి కోసేస్తుంది. భిన్నాల బొమ్మలో లేత బూడిద రంగు పూసిన గడులు తెల్లగా మారిపోతాయి. "రంగు వేసిన భాగం ఎంత" అని ప్రశ్న, రంగే లేదు! మామూలు ఫోటోనే మేలు. మసక ఫోటోను పదును పెట్టే ఆప్‌లు కూడా అంతే. అంచులు నల్లబడతాయి గాని, 3కీ 8కీ మధ్య పూడిపోయిన సందు తిరిగి రాదు. మరింత ధైర్యంగా తప్పు చదవడానికి మాత్రం పనికి వస్తుంది.

ఇప్పుడు మేము రాసేది ఇట్ల ఉంటుంది: "5వ ప్రశ్న రెండో వరుస ఎడమ పక్క తెగింది. ఆ వరుస ఒక్కటే పూర్తిగా వచ్చేట్టు తీసి పంపమ్మా. మిగతా ప్రశ్నలకు జవాబులు కింద చెప్పినాము." చోటు, తప్పు, చేయవలసిన పని, మూడూ ఉంటాయి. బాగా కనిపించే ప్రశ్నలకు జవాబు ఆపము, దాని కోసం పిల్ల ఎందుకు మేలుకోవాలి?

ఫోను మళ్ళీ చేతికి రాని ఇండ్లు ఉన్నాయి, అమ్మ నిద్రపోయి ఉంటుంది. అప్పుడు వాయిస్ మెసేజ్‌లో ఆ వరుస చదవమంటాము. అంకెలు మాత్రం "పదిహేను" అని కాకుండా "ఒకటి, ఐదు" అని విడివిడిగా చెప్పాలి. మేము దాన్నే తిరిగి చెప్తాము, పిల్ల అవునంటేనే లెక్క. స్టేషన్ మాస్టరూ గేట్‌మ్యానూ ఫోనులో ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం చూసిన అలవాటు మాకు.

అదీ కుదరక, తెల్లారి ఇవ్వవలసిన వర్క్‌షీటైతే రెండు జవాబులూ చెప్తాము. "నీ కాగితం మీద తవఱాన అని ఉంటే (ఇ). సరియాన అని ఉంటే ప్రశ్నలోనే ఏదో తేడా ఉంది, ఏమీ మార్చకుండా టీచరును అడుగు." రెండు రకాలుగా చదవడానికి వీలున్నప్పుడే ఇట్ల. మూడు నాలుగు రకాలైతే పిల్లకు ఆ జవాబుల చిట్టా ఎందుకు, వేరే అంకెలతో అదే రకం లెక్క ఒకటి చేసి చూపించి, నీ కాగితంలోది నువ్వు చెయ్యి అంటాము. ఒకటి మాత్రం ఖాయం చేసుకున్నాము. పిల్ల ముందే ఒక జవాబు రాసుకుని ఉంటే, ఫోటోలో అనుమానం ఉన్నంతసేపు దాన్ని చెరపమని చెప్పము. కాగితం ఆ పిల్ల ముందు పూర్తిగా ఉంది, మా ముందు ముక్కే ఉంది.

ఆ పాపకు మరునాడు ఆ ప్రశ్నకు మార్కు పోయింది. సాయంత్రం మేమే ఫోను చేసి, తప్పు మాదే, నువ్వు రాసిందే సరి అని చెప్పినాము. "నాకు అప్పుడే తెలుసు తాతా. మీరు చెప్పినారు కదా అని మార్చినాను" అన్నది. మూడు వారాలు ఆ ఇంటి నుంచి ఫోటో రాలేదు. పోయిన బుధవారం వచ్చింది. కాగితం చుట్టూ నాలుగు వైపులా ఎర్ర సిమెంటు నేల కనిపిస్తుంది. ఒక మూల లేవకుండా ఎవర్‌సిల్వర్ గ్లాసు పెట్టింది. ఆ గ్లాసు కింద ఏడో ప్రశ్న నంబరు సగం పోయింది. అడిగినాము, జరిపి మళ్ళీ తీసి పంపింది.

ఈ ఆదివారం క్లాసు అయినాక అరగంట హాల్లోనే ఉంటాము. ఎవరి ఫోనులో HD ఎక్కడుందో, డాక్యుమెంట్‌గా ఎట్ల పంపాలో చూపిస్తాము. ఇంట్లో ఉన్న పాత వర్క్‌షీటు ఒకటి తెచ్చుకోండి, అక్కడే తీసి చూద్దాము.